కారు ఆయిల్ పోస్తే బైక్ క్లచ్ ఎందుకు జారుతుంది?

అలిపిరి దాటి తిరుమల ఘాట్ ఎక్కుతున్న బైక్. 150 సీసీ బండి, మీద ఇద్దరు మనుషులు, మధ్యలో ఒక సంచి. మొదటి మలుపుల దాకా బాగానే లాగింది. ఏటవాలు పెరిగేసరికి నడిపే ఆయన ఇంకాస్త ఎక్సలేటర్ తిప్పాడు. ఇంజిన్ గట్టిగా అరిచింది, మీటర్లో ఆర్‌పీఎం ముల్లు పైకి ఎగబాకింది, బండి మాత్రం ముందుకు ఉరకలేదు. వేగం పెరగాల్సింది పోయి తగ్గింది. కాసేపటికి కాలిన వాసన వచ్చింది.

ఈ ఫిర్యాదుతో బండి తిరిగి కిందికి వస్తే, అనుభవమున్న మెకానిక్ స్పానర్ పట్టుకునే ముందు ఒక ప్రశ్న వేస్తాడు. "ఆయిల్ ఎప్పుడు మార్చినారన్నా? ఏమాయిల్ పోసినారు?" చాలాసార్లు వచ్చే జవాబు ఒకటే. ఇంట్లో కారుకు సర్వీసు చేయించినప్పుడు డబ్బాలో లీటరు మిగిలింది, ఖరీదైన ఫుల్ సింథటిక్, పారేయడం ఎందుకని బైక్‌లో పోశారు.

ఆ ఆయిల్ కల్తీది కాదు, పాతదీ కాదు. కారు ఇంజిన్‌కు అది నిజంగానే మంచి ఆయిల్. చిక్కంతా అక్కడే ఉంది. కారులో దాన్ని మంచి ఆయిల్‌గా నిలబెట్టే గుణమే బైక్‌లో క్లచ్ పట్టును తీసేస్తుంది.

ఇది అర్థం కావాలంటే రెండు బండ్లలో క్లచ్ ఎక్కడ కూర్చుంటుందో చూడాలి. సాధారణ మాన్యువల్ గేర్ కారులో ఇంజిన్ ఆయిల్ ఇంజిన్ వరకే. గేర్‌బాక్స్‌కు వేరే ఆయిల్ ఉంటుంది. ఆ రెండింటి మధ్య, ఫ్లైవీల్‌కు ఆనుకుని, పెద్ద పళ్ళెమంత క్లచ్ ప్లేటు ఒక్కటే ఉంటుంది. దానికి ఆయిల్ చుక్క కూడా తగలకూడదు. వెనక ఆయిల్ సీల్ లీకై ఆ ప్లేటు తడిసిందంటే కారు క్లచ్ కూడా జారుతుంది. అందుకే దాన్ని డ్రై క్లచ్ అంటారు.

బైక్‌లో అంత చోటు లేదు. ఇంజిన్, గేర్‌బాక్స్, క్లచ్ మూడూ ఒకే పెట్టెలో ఒదిగి ఉంటాయి. మనం పోసే లీటరు ఆయిలే పిస్టన్‌ను చల్లబరచాలి, గేర్ల పళ్ళ మధ్య నలగాలి, క్లచ్‌ను కూడా తడపాలి. ఇక క్లచ్ విషయానికొస్తే, కారులో లాంటి పెద్ద ప్లేటు పెట్టే వీలు లేదు కాబట్టి చిన్న ప్లేట్లను ఒకదాని మీద ఒకటి పేర్చారు. 150 సీసీ తరగతి బండి కుడివైపు కవరు విప్పితే ఈ పేర్పు కనిపిస్తుంది. గోధుమ రంగు ఫ్రిక్షన్ ప్లేటు, దాని మీద నున్నటి స్టీల్ ప్లేటు, మళ్ళీ ఫ్రిక్షన్ ప్లేటు. ఫ్రిక్షన్ ప్లేట్ల అంచు పళ్ళు బయటి క్లచ్ హౌసింగ్ గాళ్ళలో కూర్చుంటాయి, అవి ఇంజిన్‌తో తిరుగుతాయి. స్టీల్ ప్లేట్ల లోపలి పళ్ళు క్లచ్ సెంటర్‌ను పట్టుకుంటాయి, అవి గేర్‌బాక్స్‌తో, అంటే వెనక చక్రంతో తిరుగుతాయి. ఈ దొంతర మొత్తాన్ని ప్రెషర్ ప్లేటు, నాలుగైదు స్ప్రింగులు నొక్కి ఉంచుతాయి. క్లచ్ లివర్ నొక్కితే ఆ ఒత్తిడి తొలగి ప్లేట్లు విడిపోతాయి. లివర్ వదిలితే మళ్ళీ బిగుసుకుంటాయి.

ఇంజిన్ శక్తి వెనక చక్రానికి చేరే దారిలో ఇక్కడ ఇనప బంధమేదీ లేదు. గోధుమ రంగు ప్లేటు, స్టీల్ ప్లేటు ఒకదాన్నొకటి ఒరుసుకుని పట్టుకోవడమే ఆధారం. ఆ పట్టు కూడా ఆయిల్‌లో మునిగి ఉండగా రావాలి.

ఆయిల్ ఉన్నచోట పట్టు ఎలా దొరుకుతుందన్న అనుమానం సహజం. ఫ్రిక్షన్ ప్లేటు మీద అతికించిన పదార్థంలో దాని జవాబుంది. కొన్ని బండ్లలో అది కార్క్ కలిపిన పదార్థం, చాలా బండ్లలో నారను జిగురుతో కలిపి కాగితంలా చేసి గట్టిపరిచిన పొర. వేలితో తడిమితే కాస్త గరుకుగా తగులుతుంది. దాని నిండా కంటికి కనిపించనంత సన్నని రంధ్రాలు, పైన కంటికి కనిపించే గాళ్ళు. స్ప్రింగులు నొక్కగానే రెండు ప్లేట్ల మధ్య ఉన్న ఆయిల్ ఆ గాళ్ళలోకి, రంధ్రాల్లోకి తప్పుకుంటుంది. చివరికి మిగిలేది అణువుల మందం పొర. ప్లేట్లు పట్టుకుంటాయా జారతాయా అన్నది ఆ పలుచని పొరలో ఏముందన్న దాని మీద ఆధారపడుతుంది. ఆయిల్ చిక్కగా ఉందా పలచగా ఉందా అన్నది అక్కడ అంత పెద్ద లెక్క కాదు. ఆ ఆయిల్‌లో కలిపిన రసాయనాలు పెద్ద లెక్క.

కారు ఆయిల్ తయారుచేసేవాళ్ళు మైలేజీ కోసం కలిపే రసాయనాలకు ఫ్రిక్షన్ మోడిఫయర్లని పేరు. ఇంజిన్‌లో పిస్టన్ రింగులు సిలిండర్‌ను రాసుకునే చోట, క్యామ్ వాల్వును తొక్కే చోట ఆయిల్ పొర పలచబడి లోహం లోహానికి దగ్గరవుతుంది. అక్కడ రాపిడి తగ్గితే పెట్రోలు ఆదా అవుతుంది. గ్లిసరాల్ మోనో ఓలియేట్ అనే రసాయనం అణువుకు ఒక చివర లోహానికి అంటుకునే గుణం ఉంటుంది, ఇంకో చివర కొవ్వులాంటి పొడవాటి తోక. ఆ అణువులు లోహం మీద పొలంలో వరినాట్లలా పక్కపక్కనే నిలబడతాయి. ఎదుటి లోహం వచ్చి ఆ తోకల కొనల మీద జారిపోతుంది. మాలిబ్డినంతో చేసిన మరో రకం రసాయనం వేడికి, ఒత్తిడికి విడిపోయి, ఒకదాని మీద ఒకటి సులువుగా జారే సన్నని పొరలుగా లోహం మీద పేరుకుంటుంది.

పిస్టన్‌కూ క్యామ్‌కూ ఇది వరమే. అదే ఆయిల్ బైక్ క్లచ్‌లోకి వెళ్ళినప్పుడు ఈ రసాయనాలకు స్టీల్ ప్లేటు కూడా లోహంగానే కనబడుతుంది, దానికీ అంటుకుంటాయి. ఫ్రిక్షన్ ప్లేటు నారల మీదా చేరతాయి. స్ప్రింగులు ఎంత నొక్కినా చివర మిగిలే ఆ పలుచని పొర ఇప్పుడు జారుడు పొర.

ఎంత తేడా వస్తుందో ఒక చిన్న లెక్క వేసి చూడవచ్చు. అంకెలు సులువు కోసం తీసుకున్నవి, 150 సీసీ బండికి దగ్గరగా ఉండేవి. ఇంజిన్ ఇచ్చే టార్క్ 13 న్యూటన్ మీటర్లు అనుకుందాం. క్లచ్‌కు ముందు ఉండే గేర్ల జత దాన్ని మూడింతలు చేస్తుందనుకుంటే క్లచ్ మోయాల్సింది 39. ఐదు ఫ్రిక్షన్ ప్లేట్లంటే పది ముఖాలు. స్ప్రింగులన్నీ కలిసి 900 న్యూటన్ల బలంతో, అంటే దాదాపు 90 కిలోల బరువు పెట్టినంతగా నొక్కుతున్నాయి. ప్లేటు మీద రాపిడి జరిగే చోటు మధ్య నుంచి సగటున నాలుగున్నర సెంటీమీటర్ల దూరంలో ఉంది. సరైన ఆయిల్‌లో ఘర్షణ గుణకం 0.14 ఉందనుకుంటే ఈ క్లచ్ జారకుండా మోయగలిగేది దాదాపు 57 న్యూటన్ మీటర్లు. మోయాల్సింది 39. మిగులు బాగానే ఉంది.

జారుడు ఆయిల్ పోసి ఆ గుణకం 0.09కు పడిపోయిందనుకుందాం. స్ప్రింగులు అవే, ప్లేట్లు అవే. క్లచ్ మోయగలిగేది 36కు దిగిపోతుంది. ఇంజిన్ పూర్తి బలంతో లాగిన ప్రతిసారీ ఆ మూడు న్యూటన్ మీటర్ల లోటు దగ్గర ప్లేట్లు ఒకదాని మీద ఒకటి జారతాయి.

"నా బండిలో ఏళ్ళ తరబడి కారు ఆయిలే పోస్తున్నా, ఏమీ కాలేదు" అనేవాళ్ళు ప్రతి ఊళ్ళోనూ ఉంటారు. వాళ్ళ మాట అబద్ధం కానక్కర్లేదు, అదీ ఈ లెక్కలోనే ఉంది. అన్ని కారు ఆయిళ్ళలో ఫ్రిక్షన్ మోడిఫయర్లు ఒకే మోతాదులో ఉండవు. ఒక ఆయిల్‌తో గుణకం 0.11 దగ్గరే ఆగితే క్లచ్ ఇంకా దాదాపు 45 మోయగలదు, కొత్త బండి జారదు. అదే ఆయిల్‌ను స్ప్రింగులు నీరసించి 15 శాతం బలం కోల్పోయిన బండిలో పోస్తే అది 38కి పడుతుంది. ఆ బండి జారుతుంది. ఒకే డబ్బాలోని ఆయిల్‌తో అన్న బండి బాగుండి తమ్ముడి బండి జారడంలో వింత ఏమీ లేదు. ఇంకొకటి, క్లచ్ తన మిగులును కోల్పోతున్న సంగతి చదును రోడ్డు మీద ఒక్కరే మెల్లగా వెళ్తున్నప్పుడు బయటపడదు. ఇంజిన్ పూర్తి టార్క్ ఇవ్వాల్సిన చోట, అంటే ఎత్తు ఎక్కేటప్పుడు, ఇద్దరు కూర్చున్నప్పుడు, పై గేర్లో లారీని దాటబోయినప్పుడు బయటపడుతుంది. దాటేటప్పుడు బండి అందుకోకపోవడం ఎంత ప్రమాదమో హైవే మీద తిరిగేవాళ్ళకు తెలుసు.

ఒకప్పుడు ఈ బాధ ఇంతగా లేదు. 1980లలో కారు ఆయిల్‌కూ బైక్ ఆయిల్‌కూ పెద్ద తేడా ఉండేది కాదు, ఒకే డబ్బాలోంచి రెంటికీ పోసేవారు. ఆ తర్వాత అమెరికా, జపాన్లలో కార్ల మైలేజీ మీద ఒత్తిడి పెరిగింది. అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్, అంటే డబ్బాల మీద కనిపించే ఏపీఐ, తన వర్గీకరణను మార్చుకుంటూ వచ్చింది. 1996లో ఎస్‌జే, 2001లో ఎస్ఎల్, 2010లో ఎస్ఎన్, 2020లో ఎస్‌పీ. ఇంధనం ఆదా చేసే పలుచని ఆయిళ్ళు మార్కెట్‌ను ఆక్రమించాయి. అలాంటి ఆయిళ్ళతో తమ బైక్‌ల క్లచ్‌లు జారడం జపాన్ కంపెనీలకు తలనొప్పిగా మారింది. ఆయిల్ ఇంజిన్‌ను ఎంత బాగా కాపాడుతుందో ఏపీఐ అక్షరాలు చెబుతాయి గాని, తడి క్లచ్‌లో ఎలా ప్రవర్తిస్తుందో చెప్పవు. ఆ పరీక్ష అందులో లేనే లేదు.

ఆ లోటు తీర్చడానికి 1998లో జపాన్ ఆటోమొబైల్ ప్రమాణాల సంస్థ జాసో, నాలుగు స్ట్రోకుల బైక్ ఆయిళ్ళకు టీ 903 అనే ప్రమాణాన్ని తెచ్చింది. దానికోసం చేసే పరీక్ష ఊహించుకోవడం కష్టం కాదు. నిజమైన క్లచ్ ప్లేట్లను యంత్రంలో బిగించి, పరీక్షించాల్సిన ఆయిల్‌లో ముంచుతారు. బరువైన చక్రాన్ని వేగంగా తిప్పి, క్లచ్ పట్టించి ఆపుతారు. ఇలా మళ్ళీ మళ్ళీ చేస్తూ మూడు సంగతులు కొలుస్తారు. జారుతూ పట్టుకునేటప్పుడు రాపిడి ఎంత, పట్టుకుని నిలిచాక కదిలించాలంటే ఎంత బలం కావాలి, చక్రం ఆగడానికి ఎంతసేపు పట్టింది. మూడింటినీ ముందే తెలిసిన ప్రామాణిక ఆయిళ్ళతో పోలుస్తారు. మూడూ పైస్థాయిలో ఉంటే ఆ ఆయిల్ ఎంఏ. ఏ ఒక్కటి కింది స్థాయికి జారినా అది ఎంబీ. 2006లో ఎంఏను మళ్ళీ ఎంఏ1, ఎంఏ2 అని విడదీశారు, పట్టు ఎక్కువుండేది ఎంఏ2. మాన్యువల్‌లో ఎంఏ అని ఉన్న బండికి ఎంఏ2 పోయవచ్చు. ఎంబీ మాత్రం తడి క్లచ్ బండికి పనికిరాదు.

మరి పనికిరాని ఎంబీని ఎందుకు అమ్ముతున్నారు? స్కూటర్ల కోసం. యాక్టివా లాంటి గేర్లు లేని స్కూటర్లో క్లచ్ ఇంజిన్ ఆయిల్‌లో ఉండదు. ఎడమవైపు కవరు కింద బెల్టు, పుల్లీలతో పాటు పొడిగా తిరుగుతుంది. ఇంజిన్ ఆయిల్ దాని ఛాయలకు కూడా పోదు. కాబట్టి రాపిడి ఎంత తగ్గితే మైలేజీకి అంత మేలు. హోండా తన యాక్టివాకు చెప్పేది 10డబ్ల్యూ-30, జాసో ఎంబీ.

మన ఇళ్ళలో కారు ఆయిల్ కంటే ఎక్కువగా జరిగే పొరపాటు ఇక్కడే ఉందనిపిస్తుంది. నాన్నకు స్ప్లెండర్, అమ్మకో అక్కకో యాక్టివా ఉన్న ఇళ్ళు లెక్కలేనన్ని. స్ప్లెండర్‌కు చెప్పిన ఆయిల్ కూడా 10డబ్ల్యూ-30 తరగతే, కాని జాసో ఎంఏ. రెండు డబ్బాల మీదా పెద్ద అక్షరాల్లో కనిపించే అంకె ఒక్కటే. ఎంఏ, ఎంబీ అన్న తేడా వెనకవైపు చిన్న పెట్టెలో ఉంటుంది. షాపులో "10డబ్ల్యూ-30 ఇవ్వన్నా" అని అడిగితే చేతికందింది ఇస్తారు. స్కూటర్ ఆయిల్ స్ప్లెండర్‌లో పడితే క్లచ్‌కు ముప్పు. స్ప్లెండర్ ఆయిల్ స్కూటర్లో పడితే క్లచ్‌కు ఏమీ కాదు, మైలేజీ కొంచెం తగ్గవచ్చు, అంతే. తప్పు ఒకటే అయినా నష్టం ఒకవైపే.

10డబ్ల్యూ-30, 20డబ్ల్యూ-50 అన్న అంకెలు చిక్కదనానికి సంబంధించినవి. చలిలో ఆయిల్ ఎంత తేలిగ్గా పారుతుంది, ఇంజిన్ వేడెక్కాక ఎంత చిక్కగా మిగులుతుంది అన్న రెండు సంగతులు చెబుతాయి. క్లచ్ పట్టుతో వాటికి సంబంధం లేదు. "చిక్కటి ఆయిల్ పోస్తే జారదు" అన్న నమ్మకం మెకానిక్ షెడ్లలో గట్టిగా పాతుకుపోయింది. దానికి కొంత కారణం లేకపోలేదు. ఇంధనం ఆదా చేస్తాయని ముద్ర వేయించుకున్న కారు ఆయిళ్ళన్నీ పలుచని రకాలే. వాటిలో ఫ్రిక్షన్ మోడిఫయర్లు ఎక్కువ. 20డబ్ల్యూ-50 కారు ఆయిల్‌లో అవి తక్కువో అసలు లేకుండానో ఉండవచ్చు. అందుకే చిక్కటి ఆయిల్ పోసిన బండి జారకుండా పోతుంది. పేరు చిక్కదనానికి వచ్చింది గాని, పని చేసింది ఆ రసాయనాలు లేకపోవడం. ఈ పొరపాటు వల్ల 10డబ్ల్యూ-30 కోసం కట్టిన ఇంజిన్‌లో 20డబ్ల్యూ-50 పోసి, పొద్దున్నే స్టార్ట్ చేసినప్పుడు ఆయిల్ పైకి చేరడానికి ఆలస్యం చేసుకుంటున్నారు.

షాపులో డబ్బా చేతిలోకి తీసుకున్నప్పుడు చూడాల్సింది కొంచెమే. జాసో ముద్ర నిలువు పెట్టెలా ఉంటుంది. పై భాగంలో ఆ ఆయిల్ నమోదు సంఖ్య, కింద పెద్దగా ఎంఏ, ఎంఏ1, ఎంఏ2, ఎంబీలలో ఒకటి. కొన్ని డబ్బాల మీద పెట్టె లేకుండా ఉత్త అక్షరాలు మాత్రమే ఉంటాయి. అది అమ్మేవాడి మాట. నమోదు సంఖ్యతో ఉన్న పెట్టెకు దానికన్నా విలువ ఎక్కువ. ఇక ఏపీఐ ముద్ర గారెలా గుండ్రంగా ఉంటుంది. దాని కింది అర్ధభాగంలో 'ఎనర్జీ కన్సర్వింగ్' అనో 'రిసోర్స్ కన్సర్వింగ్' అనో రాసి ఉంటే ఆ ఆయిల్ తడి క్లచ్ బైక్‌కు వద్దు. హోండా బైక్‌ల మాన్యువళ్ళలో ఈ హెచ్చరిక నేరుగానే ఉంది. ఆ ముద్ర లేనంత మాత్రాన బైక్‌కు పనికొస్తుందన్న హామీ కూడా లేదు. హామీ ఇచ్చేది జాసో ఎంఏ ముద్ర ఒక్కటే.

అమెరికాలో కొందరు రైడర్లు లారీలకు వాడే డీజిల్ ఇంజిన్ ఆయిల్‌ను బైక్‌లో పోస్తారని ఇంటర్నెట్లో చూసి మనవాళ్ళూ అడుగుతుంటారు. అక్కడి కొన్ని డీజిల్ ఆయిళ్ళ డబ్బాల మీద జాసో ఎంఏ అని కూడా రాసి ఉంటుంది, వాళ్ళ ధైర్యం అదీ. ఆ మాట లేని డీజిల్ ఆయిల్ గురించి వాళ్ళ అనుభవం మనకేమీ చెప్పదు.

ఆయిల్ సరైనదే పోసి, దాంట్లో ఇంకేదో కలిపి చెడగొట్టుకునేవాళ్ళూ ఉన్నారు. స్పేర్ పార్ట్స్ షాపుల్లో చిన్న సీసాల్లో 'ఇంజిన్ ట్రీట్‌మెంట్' అని దొరుకుతుంది. రాపిడి తగ్గుతుంది, పికప్ పెరుగుతుంది, ఇంజిన్ మెత్తగా నడుస్తుంది అని దాని మీద ఉంటుంది. రాపిడి తగ్గించే ఏ సీసా అయినా తడి క్లచ్ బండిలో పోస్తే ఎంఏ2 ఆయిల్ కాస్తా ఎంబీలాంటి ఆయిల్‌గా మారే ప్రమాదముంది. ఆ సీసా మీద తడి క్లచ్‌కు పనికొస్తుందని స్పష్టంగా లేకపోతే దాన్ని షెల్ఫులోనే వదిలేయడం మేలు.

పాత కాస్ట్ ఐరన్ బుల్లెట్ నడిపినవాళ్ళకు ఈ గొడవ కొంచెం వేరేగా గుర్తుంటుంది. ఆ బండిలో ఇంజిన్‌కు ఒక ఆయిల్, గేర్‌బాక్స్‌కు ఒకటి, క్లచ్, ప్రైమరీ చైన్ ఉన్న చైన్‌కేసుకు మరొకటి. ఇంజిన్‌లో ఏం పోసినా అది క్లచ్‌ను తాకేది కాదు. చైన్‌కేసులో పోసిన ఆయిలే క్లచ్ తీరును నిర్ణయించేది. 2008లో మొదలైన యూనిట్ కన్‌స్ట్రక్షన్ ఇంజిన్‌తో రాయల్ ఎన్‌ఫీల్డ్ కూడా మూడింటినీ ఒకే ఆయిల్ కిందికి తెచ్చింది. పాత బుల్లెట్ అలవాటుతో కొత్త బుల్లెట్లో తోచిన ఇంజిన్ ఆయిల్ పోస్తే లెక్క తప్పేది అందుకే. ఆర్ఎక్స్ 100 లాంటి రెండు స్ట్రోకుల బండ్లలోనూ ఇదే సూత్రం. పెట్రోలుతో పాటు కాలిపోయే టూటీ ఆయిల్‌కు క్లచ్‌తో సంబంధం లేదు, గేర్‌బాక్స్‌లో పోసే ఆయిల్‌లోనే క్లచ్ మునిగి ఉంటుంది.

క్లచ్ జారకపోయినా కారు ఆయిల్‌తో ఇంకో నష్టం ఉంది. గేర్ల పళ్ళు నలిపే నలుపుడుకు, ఆయిల్‌ను వేడిలో చిక్కగా నిలబెట్టే పాలిమర్ గొలుసులు తెగిపోతాయి. కారులో ఇంజిన్ ఆయిల్ గేర్లలోకి పోదు కాబట్టి అంత నలుపుడు తట్టుకోవాల్సిన అవసరం దానికి లేదు. బైక్‌లో పోస్తే గడువుకు ముందే పలచబడుతుంది. గేర్లు గట్టిగా పడటం, న్యూట్రల్ దొరక్కపోవడం దీనికి గుర్తులు.

జారుడుకు ఆయిలే కారణమని తేల్చుకునే ముందు ఇంకో దోషిని తప్పించాలి. క్లచ్ కేబుల్. లివర్ చివర 10 నుంచి 20 మిల్లీమీటర్ల వదులు ఉండాలని చాలా మాన్యువళ్ళు చెబుతాయి. కేబుల్ మరీ బిగించి ఆ వదులు లేకుండా చేస్తే, చెయ్యి వేయకపోయినా లివర్ సగం నొక్కినట్టే లెక్క. స్ప్రింగులు పూర్తిగా నొక్కలేవు. సరైన ఆయిల్ ఉన్నా జారుతుంది. రెండు నిమిషాల్లో తేలిపోయే ఈ సంగతి చూడకుండా ప్లేట్లు మార్చిన బండ్లు చాలా ఉంటాయి.

వదులు సరిగానే ఉంది, బండి వేడెక్కాక మూడో నాలుగో గేర్లో మధ్యస్థ వేగంలో ఉండగా ఖాళీ రోడ్డు మీద ఒక్కసారి ఎక్సలేటర్ పూర్తిగా తిప్పి చూశారు, ఆర్‌పీఎం ముందు దూకింది, వేగం తర్వాత నెమ్మదిగా వచ్చింది. ఇది జారుడే. ఇటీవలే ఆయిల్ మార్చాక మొదలైందంటే ఆయిల్‌ను అనుమానించాలి. ఆయిల్ మార్చి చాలా కాలమై, మెల్లమెల్లగా పెరుగుతూ వచ్చిందంటే ప్లేట్ల అరుగుదల అయ్యే అవకాశం ఎక్కువ.

ఆయిలే కారణమని అనుకున్నప్పుడు వెంటనే క్లచ్ విప్పక్కర్లేదు. తక్కువ దూరమే నడిచి ఉంటే, ప్లేట్లు కాలిపోకముందే గమనించి ఉంటే, సరైన ఆయిల్‌కు మారితే చాలాసార్లు పట్టు తిరిగి వస్తుంది. అయితే ఒక్కసారి మార్చితే సరిపోకపోవచ్చు. లీటరు పట్టే ఇంజిన్‌లో బోల్టు విప్పి వంచినా 200 మిల్లీలీటర్ల దాకా గోడలకు, ప్లేట్ల మధ్య, కవరు మూలల్లో మిగిలిపోతుందనుకుందాం. అంటే కొత్త ఆయిల్ పోశాక కూడా ఐదో వంతు పాత జారుడు ఆయిలే. రెండు మూడు వందల కిలోమీటర్లు నెమ్మదిగా నడిపి, ఇంజిన్ వేడిగా ఉండగానే మళ్ళీ దించి, ఇంకో డబ్బా ఎంఏ2 పోస్తే పాతది నాలుగు శాతానికి దిగుతుంది. ఫిల్టర్ ఉన్న బండికి ఫిల్టర్ కూడా అప్పుడే మార్చడం మంచిది, దాంట్లోనూ పాత ఆయిల్ ఉంటుంది. రెండు డబ్బాల ఖర్చు క్లచ్ సెట్టు, దాని కూలీ ముందు చిన్నదే.

అయినా జారితే ఇక క్లచ్ విప్పాలి. కవరు తీశాక ఫ్రిక్షన్ ప్లేటును వెలుతురులోకి పట్టి చూస్తే విషయం తెలిసిపోతుంది. బాగున్న ప్లేటు గోధుమ రంగులో, మందంగా, మెరుపు లేకుండా ఉంటుంది. జారి కాలిన ప్లేటు నల్లబడి అద్దంలా మెరుస్తుంది, రంధ్రాలు కాలిన జిగురుతో మూసుకుపోతాయి, గాళ్ళు నిండిపోతాయి. ఆయిల్ తప్పుకోవడానికి ఇక చోటు లేదు. దీన్ని ఎమరీ పేపర్‌తో రుద్ది తిరిగి బిగిస్తారు కొందరు. పైమెరుపు పోతుంది గాని, లోపలి రంధ్రాలు తెరుచుకోవు. కొన్నాళ్ళకు అదే కథ. స్టీల్ ప్లేట్ల మీద నీలిరంగు మచ్చలు కనిపిస్తే అక్కడ విపరీతమైన వేడి పుట్టిందని అర్థం. వాటిని గాజు పలక మీద పెట్టి, కింద ఫీలర్ గేజ్ దూరుతుందేమో చూసి వంకర తేల్చాలి. స్ప్రింగుల పొడవు వెర్నియర్‌తో కొలిచి మాన్యువల్‌లోని హద్దుతో పోల్చాలి. పొట్టిబడిన స్ప్రింగులు వదిలేసి కొత్త ప్లేట్లు మాత్రమే వేస్తే, పైన చూసిన లెక్కలో 900 అన్న అంకె తక్కువగానే మిగిలిపోతుంది.

కొత్త ఫ్రిక్షన్ ప్లేట్లను పొడిగా బిగించకూడదు. బండిలో పోయబోయే ఆయిల్‌లోనే వాటిని కొన్ని గంటలు, వీలైతే రాత్రంతా నానబెట్టాలి. పొడి ప్లేటు మొదటిసారి పట్టుకున్నప్పుడు ఆయిల్ లోపలికి ఇంకేలోపే పైపొర కాలుతుంది. నానబెట్టే ఆయిల్ విషయంలో షెడ్డులో ఒక చిన్న జాగ్రత్త కావాలి. అందుబాటులో ఉందని కారు నుంచి దించిన ఆయిల్ డబ్బాలో ముంచితే, ఆ రంధ్రాలు మొదట పీల్చుకునేవి ఆ జారుడు రసాయనాలనే. అవి ఒకసారి నారల్లోకి ఇంకాక, పైన ఎంఏ2 పోసినా ప్లేట్లలోంచి బయటికి రావడానికి చాలా దూరం పడుతుంది.